పచ్చబారిన, మొలకెత్తిన బంగాళాదుంప: ఫొటో చూసి ఎంతవరకు చెప్పవచ్చు?

బంగాళాదుంపపై పచ్చని మచ్చ, దాని కళ్ళ దగ్గర మొలకలు కనిపించినప్పుడు ఫొటో తీసి తెలిసినవారికి పంపి, వండవచ్చునా అని అడగడం ఇప్పుడు మామూలు విషయమైపోయింది. అలాంటి ఒక ఫొటోను ఉదాహరణగా తీసుకోవచ్చు. అందులో 150 గ్రాములు తూగవచ్చనిపించే దుంప ఒకటి ఉంది. దానికి ఒకవైపు రూపాయి బిళ్ళంత పచ్చమచ్చ, మూడు కళ్ళ నుంచి సెంటీమీటరుకు మించని పొట్టి మొలకలు కనిపిస్తున్నాయి, తొక్క మాత్రం ముడతలు పడలేదు. దీనిని చూసిన పదిమంది పది రకాలుగా చెబుతారు, ఆ మాటల్లో ఎక్కువ భాగం కింది అపోహల నుంచే పుడతాయి.

అపోహ: ఆ పచ్చరంగే విషం.

వాస్తవం: పచ్చరంగు పత్రహరితానిది, అంటే ఆకులకు రంగునిచ్చే పదార్థానిది, దానివల్ల ఏ హానీ లేదు. హాని చేసేవి సొలనిన్, చాకొనిన్ అనే రెండు చేదు పదార్థాలు. గ్లైకోఆల్కలాయిడ్లు అనే వర్గానికి చెందిన వీటిని మొక్క పురుగుల నుంచి, తెగుళ్ళ నుంచి తనను కాపాడుకోవడానికి తయారుచేసుకుంటుంది, వీటికి రంగు ఉండదు. వెలుతురు తగిలిన దుంపలో పత్రహరితమూ ఈ చేదు పదార్థాలూ దాదాపు ఒకే సమయంలో పెరుగుతాయి కనుక పచ్చదనం ఒక హెచ్చరికగా పనికివస్తుంది, కానీ రెండూ వేర్వేరు మార్గాల్లో తయారవుతాయి కనుక ఒకదాని మోతాదును బట్టి రెండవదాన్ని కొలవడం సాధ్యం కాదు. దెబ్బ తగిలిన దుంపలోనూ, చీకట్లోనే మొలకెత్తిన దుంపలోనూ పచ్చదనం లేకుండానే చేదు పెరగవచ్చు. అమెరికాలో 1967లో విడుదలైన లెనాపే అనే రకం ఇందుకు గట్టి ఉదాహరణ: చిప్స్‌కు ఎంతో అనువైనదని పేరు తెచ్చుకున్న ఆ రకాన్ని, పచ్చబారకపోయినా దానిలో ఈ పదార్థాలు సహజంగానే ఎక్కువగా ఉన్నాయని తేలడంతో 1970లో ఉపసంహరించుకోవలసి వచ్చింది.

అపోహ: బాగా ఉడికిస్తే, లేదా నూనెలో వేయిస్తే విషం పోతుంది.

వాస్తవం: ఇది అన్నింటిలోకీ ప్రమాదకరమైన నమ్మకం. సొలనిన్ విచ్ఛిన్నం కావడానికి సుమారు 230 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి కావాలి, నీరు మరిగేది 100 డిగ్రీల వద్ద. వేపుడు మూకుడులోని నూనె 180 డిగ్రీల దరిదాపుల్లో ఉన్నా, ముక్క లోపల తేమ ఉన్నంతసేపూ అక్కడి వేడి 100 డిగ్రీలను పెద్దగా మించదు. ఉడికించిన నీళ్ళు పారబోసినా, ముక్కలను ముందుగా ఉప్పునీళ్ళలో నానబెట్టినా పోయేది కొద్ది భాగమే. లండన్‌లోని ఒక పాఠశాలలో, సెలవులకు ముందు నుంచి మిగిలిపోయిన దుంపలను ఉడికించి పెట్టగా 78 మంది బాలురు అస్వస్థులైనట్లు, వారిలో 17 మందిని ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినట్లు 1979లో ఒక వైద్యపత్రిక వివరించింది. వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి వారిలో కనిపించిన ప్రధాన లక్షణాలు. కొన్ని గంటల తరువాత గాని ఇవి మొదలు కాలేదు, చివరకు అందరూ కోలుకున్నారు. ఇలా ఆలస్యంగా మొదలయ్యే వాంతులకు కారణం దుంపలని అనుమానించేవారు తక్కువ, ఎక్కువమంది ముందుగా నీళ్ళనో బయటి తిండినో తప్పుపడతారు.

అపోహ: పెసలు, శనగల మొలకల మాదిరిగా బంగాళాదుంప మొలకలూ బలమే.

వాస్తవం: దుంపలో చేదు పదార్థాలు అత్యధికంగా చేరే చోటు మొలకే. మామూలు దుంపలో కిలోకు 20 నుంచి 100 మిల్లీగ్రాములుండే గ్లైకోఆల్కలాయిడ్లు మొలకలో వేలలోకి వెళతాయి కనుక మొలకను తినడం ఏ విధంగానూ తగదు. అయినా మొలక వచ్చిన ప్రతి దుంపా పారవేయదగినదేమీ కాదు: గట్టిగా ఉండి, పచ్చబారకుండా, పొట్టి మొలకలు మాత్రమే ఉన్న దుంప నుంచి మొలకను, దాని కింది కంటిని కత్తి మొనతో లోతుగా తవ్వి తీసివేసి మిగిలినది వండుకోవచ్చు.

అపోహ: చెక్కు తీస్తే అంతా సరిపోతుంది.

వాస్తవం: ఇందులో సగం నిజముంది. ఈ పదార్థాలు ఎక్కువగా తొక్కలోనూ, తొక్కను అంటిపెట్టుకున్న పలుచని పొరలోనూ ఉంటాయి కనుక చెక్కు తీయడం వల్ల మామూలు దుంపలో పెద్ద భాగమే పోతుంది. పచ్చబారిన చోట అవి లోపలికీ దిగవచ్చు, పీలర్ తీసే పలుచని చెక్కు అక్కడ చాలదు. మచ్చ మీదుగా కత్తితో అడ్డంగా కోసి చూసి, పచ్చదనం కనిపించినంత లోతునూ, దాని చుట్టూ కాస్త మంచి భాగాన్నీ కలిపి తీసివేయాలి. పచ్చదనం లోపలి దాకా పాకి ఉంటే ఇక ఆ దుంపను కాపాడే ప్రయత్నం అనవసరం.

అపోహ: కొద్దిగా తింటే ఎవరికీ ఏమీ కాదు.

వాస్తవం: ఎంత తిన్నారన్నదానితో పాటు ఎవరు తిన్నారన్నది కూడా చూడాలి. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2020లో చేసిన అంచనా ప్రకారం శరీర బరువులో కిలోకు 1 మిల్లీగ్రాము దగ్గర జీర్ణకోశ లక్షణాలు కనిపించవచ్చు. దుంపకు కిలోకు 200 మిల్లీగ్రాములు అనే, సాధారణంగా అంగీకరించే గరిష్ఠ పరిమితిని ఉదాహరణగా తీసుకుంటే, 60 కిలోల పెద్దవారు ఆ మోతాదుకు చేరడానికి 300 గ్రాములు తినాలి, 20 కిలోల పిల్లవాడికి 100 గ్రాములే చాలు, అంటే ఫొటోలోని దుంపలో మూడింట రెండు వంతులు. ఒకే కూర గిన్నె నుంచి తిన్న తల్లిదండ్రులకు ఏమీ కాకపోయినా పిల్లలకు వాంతులు కావడం ఈ లెక్కలో వింత కాదు.

అపోహ: ఫొటో చూసి నిపుణులు నిర్ణయించగలరు.

వాస్తవం: ఫొటో చూసి పారవేయమనడం సులభం, వండమనడం కష్టం. దుంపంతా పచ్చగా ఉండి, పొడవాటి మొలకలతో, ముడతలు పడి కనిపిస్తే చెప్పడానికి ఇంకేమీ మిగలదు. కానీ పసుపురంగు బల్బు వెలుతురులో, పచ్చని పాలిథీన్ సంచి పక్కన తీసిన ఫొటోలో లేని పచ్చదనం కనిపిస్తుంది. ఎర్రతొక్క దుంపలో ఉన్న పచ్చదనం తొక్క రంగు కింద దాగిపోతుంది. నొక్కితే మెత్తబడిందా, మచ్చ లోపల ఎంత దూరం పోయిందన్నవి ఏ ఫొటోలోనూ కనబడవు. కనుక పగటి వెలుతురులో గోటితో తొక్కను కొద్దిగా గీరి చూడాలి, తరువాత వేలితో నొక్కాలి, ఆపై కోయాలి.

ఉదాహరణగా తీసుకున్న దుంపకు ఈ పరీక్షలు చేస్తే, నొక్కినప్పుడు గట్టిగా ఉండి, మచ్చ కింద పచ్చదనం మూడు నాలుగు మిల్లీమీటర్లకే ఆగిపోయినట్లయితే, మొలకలను కళ్ళతో సహా తవ్వి, మచ్చను మందంగా కోసివేసి, మొత్తం చెక్కు తీసి పెద్దవారి కూరలో వేసుకోవచ్చు. చిన్నపిల్లలకో గర్భిణికో వండే కూరకైతే మరో దుంప తీసుకోవడమే మేలు. వండిన ముక్క చేదుగా ఉన్నా, గొంతులో మంట పుట్టించినా ఆ కూరను తినడం ఆపివేయాలి, ఎందుకంటే ఈ పదార్థాలు ఎక్కువైనప్పుడు నాలుకకు ముందుగా తెలిసేది ఆ చేదే. అయితే కారం, మసాలా దట్టించిన వేపుడులో ఆ చేదు మరుగున పడుతుందని గుర్తుంచుకోవాలి. ఇక మిగిలిన దుంపలను గాలాడే గోనెసంచిలో, చీకటిగా ఉన్న చోట ఉంచాలి. ఒకసారి పెరిగిన చేదు పదార్థాలు చీకట్లో తగ్గవు కనుక, పచ్చబారిన దుంపను వాటి మధ్య వదిలివేయడం వల్ల ప్రయోజనం లేదు.