షార్ట్ ఫిల్మ్ బడ్జెట్: చేతిలో లక్షా పదివేలు ఉంటే లక్షకే ప్లాన్ చేయాలి.. ఎందుకో తెలుసా?

షార్ట్ ఫిల్మ్ తీయాలనుకునే వాళ్లు ముందు అడిగే ప్రశ్న ఒకటే. కెమెరా అద్దె ఎంత? నిజానికి సినిమాలు ఆగిపోయేది కెమెరా దగ్గర కాదు. షూటింగ్ పూర్తయ్యాక ఎడిటింగ్ టేబుల్ మీద, డబ్బుల్లేక. ఫుటేజ్ హార్డ్ డిస్క్‌లో ఉంటుంది, సినిమా మాత్రం బయటికి రాదు. దీనికి కారణం చాలాసార్లు బడ్జెట్ రాసుకున్న పద్ధతే.

రాబర్ట్ రోడ్రిగ్జ్ తీసిన, 1992లో వచ్చిన 'ఎల్ మరియాచి' గురించి వినే ఉంటారు. సుమారు 7 వేల డాలర్లతో ఫీచర్ ఫిల్మ్ తీశాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అయితే దాన్ని థియేటర్‌కి తీసుకెళ్లేందుకు సౌండ్ మళ్లీ చేయించడానికి, ప్రింట్లకు కొలంబియా పిక్చర్స్ అంతకు ఎన్నో రెట్లు ఖర్చు పెట్టింది. ఆ 7 వేలు షూట్ చేసి సినిమాని ఒక రూపానికి తెచ్చేవరకే. మనోళ్లు చెప్పే 'ఇరవై వేలలో తీసేశాం' లెక్కలు కూడా ఎక్కువగా ఇలాంటివే.

అందుకే ఖర్చుని నాలుగు భాగాలుగా రాసుకోవాలి. ప్రీ ప్రొడక్షన్, షూటింగ్, పోస్ట్ ప్రొడక్షన్, రిలీజ్. వీటి కింద విడిగా ఐదో లైన్.. కంటింజెన్సీ, అంటే అనుకోని ఖర్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 12 నిమిషాల సినిమా. హైదరాబాద్‌లో రెండు రోజుల షూటింగ్. ఒక ఇల్లు, ఒక టీ కొట్టు. ముగ్గురు నటులతో కలిపి సెట్‌లో 15 మంది. డైరెక్టరే రైటర్, ఆయనకి రెమ్యునరేషన్ లేదు. కింద వేసిన రేట్లు నమూనా కోసమే. మీ ఊళ్లో, మీకున్న పరిచయాలను బట్టి మారతాయి.

ప్రీ ప్రొడక్షన్‌కి 8 వేలు

లొకేషన్లు చూడ్డానికి పెట్రోల్ 1,500. రిహార్సల్స్ రోజుల్లో టీ, టిఫిన్లకు 2,000. బట్టలు, ప్రాపర్టీస్ కొనడానికి 4,500. చిన్న మొత్తమే. కానీ రిహార్సల్ మీద పెట్టిన రెండు వేలు షూటింగ్‌లో గంటలు మిగులుస్తాయి. అక్కడ గంట అంటే 15 మంది గంట.

లొకేషన్ చూసేటప్పుడు కళ్లతో పాటు చెవులూ పెట్టాలి. పక్కన వెల్డింగ్ షాప్ ఉందా? ఫ్రిజ్ ఆపనిస్తారా? ఫ్యాన్ లేకుండా సీన్ చేయగలమా? ఇవి అక్కడే తేల్చుకోకపోతే ఆ బిల్లు డబ్బింగ్ రూపంలో పోస్ట్ ప్రొడక్షన్‌లో వస్తుంది.

షూటింగ్‌కి 60 వేలు

కెమెరా, లెన్సులు రోజుకు 4,500 చొప్పున 9,000. లైట్లు 6,000. రికార్డిస్ట్‌తో సహా సౌండ్ రోజుకు 3,500 చొప్పున 7,000. కెమెరామెన్‌కి రెండు రోజులకు 10,000. నటులకు 4,500. ఇంటి అద్దె 4,000. బండ్లు, పెట్రోల్ 5,000. హార్డ్ డిస్క్ 4,000. ఇక భోజనాలు.. మనిషికి రోజుకు 350 అనుకుంటే 15 మందికి రెండు రోజులకు 10,500.

గమనించారా? తిండి ఖర్చు కెమెరా అద్దె కంటే ఎక్కువ. కొత్తవాళ్లు దీన్ని 'ఎలాగోలా చూసుకుందాం' అని వదిలేస్తారు. ఊరికే పనిచేసే ఫ్రెండ్స్‌కి కనీసం టైమ్‌కి అన్నం పెట్టకపోతే రెండో రోజు సగం మంది రారు. ఇక్కడ కోత పెట్టొద్దు. కావాలంటే మనుషుల సంఖ్య తగ్గించండి.

హార్డ్ డిస్క్‌ని కూడా లైట్ తీసుకోవద్దు. సెకనుకు 100 మెగాబిట్ల క్వాలిటీలో రికార్డ్ చేస్తే గంట ఫుటేజ్ దాదాపు 45 జీబీ. రెండు గంటలు తీస్తే 90. ఒక డిస్క్ కొని, రెండోది ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. రెండు చోట్ల కాపీ అయి, ఫైల్స్ ఓపెన్ అవుతున్నాయని చూశాకే కార్డు ఫార్మాట్ చేయాలి.

పోస్ట్ ప్రొడక్షన్‌కి 24 వేలు

ఎడిటింగ్ 9,000, సౌండ్ డిజైన్, మిక్సింగ్ 7,000, మ్యూజిక్ 5,000, కలర్ 3,000. ఈ 24 వేలు షూటింగ్ మొదలవ్వకముందే వేరే అకౌంట్‌లో వేసేయడం మంచిది. జేబులో ఉంటే సెట్‌లో ఖర్చయిపోతుంది, అంతే.

మొబైల్‌లో చూసేవాళ్లు చాలామంది ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటారు. పిక్చర్ కొంచెం డల్‌గా ఉన్నా చూస్తారు. డైలాగ్ వినపడకపోతే మాత్రం పక్క వీడియోకి వెళ్లిపోతారు. అందుకే కలర్ కంటే సౌండ్‌కి రెట్టింపు పైన వేశాం. ఇక మ్యూజిక్ డబ్బులు మిగుల్చుకుందామని సినిమా పాట వాడితే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడొచ్చు. యాడ్స్ ఆదాయం పాట హక్కుదారుకి పోతుంది, లేదంటే వీడియోనే బ్లాక్ అవుతుంది.

రిలీజ్‌కి 8 వేలు

ఎక్కువ మంది బడ్జెట్‌లో ఈ లైనే ఉండదు. పోస్టర్, థంబ్‌నెయిల్ 1,500. సబ్‌టైటిల్స్ 1,500. ఫెస్టివల్ ఎంట్రీ ఫీజులు 3,000. ప్రమోషన్ 2,000. యూట్యూబ్‌లో పెట్టడానికి సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు. థియేటర్‌లో పబ్లిక్ షో వేయాలంటే మాత్రం ఆ సంగతి చూసుకోవాలి. ఆన్‌లైన్‌లో అప్పటికే వచ్చేసిన సినిమాలను కొన్ని ఫెస్టివల్స్ తీసుకోవు. కాబట్టి ముందు ఎంట్రీలు, ఆ తర్వాతే అప్‌లోడ్. ఫీజులు ముందుగా కడితే చాలాచోట్ల తక్కువ పడుతుంది.

మొత్తం లక్ష. దానిపై 10 శాతం, అంటే 10 వేలు కంటింజెన్సీ. కలిపి లక్షా పదివేలు.

ఆ పదివేలు ఎక్కడికి పోతాయి?

రెండో రోజు మధ్యాహ్నం వాన పడిందనుకుందాం. టీ కొట్టు సీన్ మిగిలిపోయింది. ఇంకో పూట షూట్ చేయాలి. కెమెరా సగం రోజుకు ఇవ్వకపోతే పూర్తి అద్దె 4,500. కెమెరామెన్‌కి 2,500. ఏడుగురికి భోజనం, టీలు 1,200. పెట్రోల్ 800. ఇప్పటికే 9,000 అయ్యింది. సౌండ్ రికార్డిస్ట్‌ని పిలిస్తే ఇంకో 3,500.. లెక్క దాటిపోతుంది. అప్పుడు చేయాల్సింది సీన్‌లో డైలాగులు తగ్గించుకోవడం, ఉన్న నాలుగు మాటలకు ఫోన్‌లో గైడ్ ట్రాక్ తీసుకుని తర్వాత వెయ్యి రూపాయల్లో డబ్బింగ్ చెప్పించడం. సరిగ్గా పదివేలు. పగటి వెలుతురులో తీసే సీన్ కాబట్టి లైట్లు అవసరం లేదు, లేకపోతే అదీ చాలదు.

చిక్కేంటంటే, ఇప్పుడు పోస్ట్ ప్రొడక్షన్‌లో ఏదైనా తేడా వస్తే చేతిలో ఏమీ లేదు. అందుకే అవుట్‌డోర్ సీన్‌ని మొదటి రోజు పొద్దున్నే పెట్టుకోవాలి. వాన వస్తే ఇంట్లోకి మారి అక్కడి సీన్లు తీస్తారు, టీ కొట్టు రెండో రోజుకు వెళ్తుంది. ఒక్క రూపాయి అదనం కాదు. అదే వానాకాలంలో షూట్ అయితే 10 శాతం సరిపోదు, 15 వేసుకోవాలి.

ముందే తెలిసిన ఖర్చుని కంటింజెన్సీలో తోయకూడదు. హార్డ్ డిస్క్ మర్చిపోయి 'అందులోంచి తీద్దాం' అంటే అది అనుకోని ఖర్చు కాదు, రాయని ఖర్చు. డ్రోన్ షాట్ పెడదామని సెట్‌లో పుట్టిన ఆలోచనకీ ఇదే వర్తిస్తుంది. ఈ డబ్బు డైరెక్టర్ దగ్గర కాకుండా ప్రొడక్షన్ చూసుకునే ఫ్రెండ్ దగ్గర ఉంచితే మేలు. డైరెక్టర్‌కి ఇంకో షాట్ ఎప్పుడూ కావాలనే ఉంటుంది కదా. రోజూ ప్యాకప్ తర్వాత ఆ రోజు ఖర్చుని ప్లాన్‌లోని అంకె పక్కనే రాయండి. మొదటి రోజు 30 వేలు అనుకుని 36 వేలు దాటిందంటే, ఆ రాత్రే రెండో రోజు షాట్ లిస్ట్‌లోంచి ఏది తీసేయాలో తేల్చుకోవాలి.