పసిపిల్లల దగ్గుకు సిరప్ ఎందుకు వద్దు?

ఏడాదిన్నర బిడ్డ జలుబు చేసి రాత్రంతా దగ్గుతోంది. పెద్దవాడికి తెచ్చిన సిరప్ ఇంట్లో మిగిలి ఉంది. ఒక్క చెంచా పడితే హాయిగా నిద్రపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. దయచేసి ఆ సీసా తీయకండి.

దగ్గు వల్లనే కఫం బయటకు వస్తుంది. సిరప్ జలుబును తగ్గించదు, బిడ్డను మగతలో పడేస్తుంది. మోతాదు మించితే ఊపిరి మందగించవచ్చు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో విష రసాయనం కలిసిన దగ్గు సిరప్ తాగి, మూత్రపిండాలు చెడి పసిపిల్లలు చనిపోయారు. రెండేళ్ల లోపు వారికి ఈ మందులు ఇవ్వరాదని, ఐదేళ్ల లోపు వారికి సాధారణంగా వద్దని కేంద్ర ఆరోగ్య శాఖ అప్పుడు సూచించింది.

మరి ఏం చేయాలి? ముక్కులో సెలైన్ చుక్కలు వేసి, మెత్తని గుడ్డతో చీమిడి తుడవండి. తల్లిపాలు, గోరువెచ్చని నీళ్లు కొంచెం కొంచెంగా తరచూ పట్టండి. ఏడాది నిండింది కనుక పడుకునే ముందు అరచెంచా తేనె నాకించవచ్చు. ఏడాది లోపు బిడ్డకు మాత్రం తేనె ప్రమాదకరం.

బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. ఈ వయసులో 40 లేదా అంతకు మించినా, డొక్కలు ఎగరవేస్తున్నా, పాలు తాగలేకపోయినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి.