పెట్టె ఆగలేదు, గడువు అయిపోయింది

నాకు తెలిసిన ఒక కాలేజీ బడ్జెట్‌లో మొన్నమొన్నటి దాకా ఒకటే పద్దు ఉండేది: ‘కంప్యూటర్ ఖర్చులు’. 2022 జులైలో ఆ పద్దు కిందే ఆరు లక్షలు పెట్టి ఫైర్‌వాల్ కొన్నారు. బయటి నెట్‌కీ క్యాంపస్‌కీ మధ్య కాపలా ఉండే పెట్టె అది. తర్వాత రెండేళ్లూ దానికి పైసా ఖర్చు లేదు. 2025 జులైలో లైసెన్సు గడువు తీరింది. నెట్ మాత్రం ఎప్పటిలాగే నడిచింది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. కొత్త వైరస్‌లను పట్టే సమాచారం రావడం ఆగిపోయిందంతే. రెండు నెలల తర్వాత ఎవరో అడ్మిన్ పేజీ తెరిస్తే ఎర్రగా Expired అని కనిపించింది.

పాత బిల్లు తీసి చూస్తే అందులో మూడు సరుకులున్నాయి. పెట్టె 2.7 లక్షలు, మూడేళ్ల లైసెన్సు 2.1 లక్షలు, మూడేళ్ల సపోర్ట్ 1.2 లక్షలు. పెట్టె ఆరేళ్లు పనిచేస్తుందనుకుంటే ఏడాదికి 45 వేలు. లైసెన్సుకు 70 వేలు, సపోర్ట్‌కు 40 వేలు. అంటే ఏటా లక్షా యాభై ఐదు వేలు పక్కన పెట్టాల్సిన ఖర్చు, పుస్తకంలో ఒక ఏడు ఆరు లక్షలుగా, మిగతా ఏళ్లు సున్నాగా కనిపించింది. ఇప్పుడు ఆ మూడూ మూడు పద్దుల్లో ఉన్నాయి.

నాలుగోది క్లౌడ్. ఇది కరెంటు బిల్లు లాంటిది, వాడినకొద్దీ మీటరు తిరుగుతుంది. ఏడాదికో మూడేళ్లకో ఒప్పుకుంటే రేటు తగ్గుతుంది. ఆ ఒప్పందం తీరిననాడు సర్వర్ ఆగదు, రేటు మాత్రం మామూలు ధరకు ఎగబాకుతుంది. ఇక్కడా చప్పుడుండదు, వచ్చే నెల బిల్లే చెబుతుంది.

పద్దులు వేరైనా తేదీలు ఒకదాన్నొకటి లాగుతుంటాయి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఎనిమిదో తరం కంటే పాత ఇంటెల్ ప్రాసెసర్లున్న యంత్రాల్లో దాదాపు అన్నింటినీ విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. ల్యాబ్‌లో బాగానే నడుస్తున్న కంప్యూటర్లు అలా సాఫ్ట్‌వేర్ గడువు వల్ల హార్డ్‌వేర్ పద్దులోకి వచ్చిపడ్డాయి.

కొత్త పట్టికలో నాకు నచ్చింది గడువు తేదీ పక్కనున్న మరో గడి. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘కదలాల్సిన తేదీ’. కొటేషన్లు తెప్పించి, కమిటీ చేత ఒప్పించి, ఆర్డరు ఇవ్వడానికి అక్కడ 75 రోజులు పడుతుంది. గడువులన్నీ మార్చి 31కి సర్దుదామని అకౌంటెంట్ అన్నాడట. ఏప్రిల్‌లో కొత్త బడ్జెట్ డబ్బు చేతికి రాదని ఐటీ ఆయన ఒప్పుకోలేదు. ఫైర్‌వాల్ వరుసలో ఇప్పుడు గడువు జులై 31, కదలాల్సిన తేదీ మే 17.