మీకు తెలుసా? డక్ట్ దీర్ఘచతురస్రమైనా లెక్కకో వ్యాసం ఉంది

భిలాయి సెక్టర్ 7లో ఎండాకాలం ఓ హాలుకు కూలర్ గాలి తీసుకెళ్లే రేకు డక్ట్ ఉందనుకోండి. వెడల్పు 600 మి.మీ., ఎత్తు 200 మి.మీ. రాపిడి నష్టం సూత్రంలో వ్యాసం అడుగుతారు. దీనికి వ్యాసమేది?

గాలి రాసుకునేది గోడలకే కాబట్టి, వైశాల్యాన్ని 4తో గుణించి చుట్టుకొలతతో భాగించాలి:

Dh = 4A/P = 4 × 0.12 / 1.6 = 0.3 మీ.

దీన్నే హైడ్రాలిక్ వ్యాసం అంటారు. గాలి వేగం సెకనుకు 6 మీటర్లు, రాపిడి గుణకం సుమారు 0.02 అయితే, 10 మీటర్ల పొడవుకు పోయే పీడనం దాదాపు 14 పాస్కల్స్. అంతే వైశాల్యమున్న గుండ్రటి గొట్టంలో 11 చాలు. అదే వైశాల్యాన్ని 1200 × 100 మి.మీ.గా పలచగా సాగదీస్తే మాత్రం నష్టం 23కి ఎగబాకుతుంది. సీలింగ్ కింద చోటు మిగుల్చుకున్నందుకు ఫ్యాన్ కట్టే జరిమానా అది!

చాలామంది బోల్తాపడేది ఇంకోచోట. ఈ 0.3 మీటర్లను నిజమైన గొట్టం వ్యాసమనుకుని వేగం కూడా దాంతోనే లెక్కిస్తారు. అప్పుడు వేగం 6కు బదులు 10 దాటుతుంది, నష్టం దాదాపు మూడింతలు కనిపిస్తుంది, అక్కర్లేని పెద్ద ఫ్యాన్ కొంటారు. వేగానికి ఎప్పుడూ డక్ట్ అసలు వైశాల్యమే వాడండి.