నూటికి పాతిక అంటే ఏ నూటికి? ధర కట్టేటప్పుడు జరిగే పొరపాటు

సంఘం ద్వారా గానీ, ముద్ర, పీఎంఎఫ్‌ఎంఈ లాంటి పథకాల కింద గానీ రుణం తీసుకుని తినుబండారాలు, పచ్చళ్లు, మసాలా పొడులు చేసి అమ్ముతున్న వారి కోసం ఈ వివరణ. సరుకు బాగానే పోతోంది, అయినా వాయిదా కట్టే రోజుకి చేతిలో డబ్బు ఉండట్లేదు అంటే, ముందుగా మీరు ధర ఎలా కట్టారో చూసుకోండి.

జంతికలు చేసే ఒక సభ్యురాలి లెక్క తీసుకుందాం. అంకెలు ఉదాహరణకే, మీ ఊళ్లో ధరలు వేరుగా ఉండొచ్చు. అరకిలో ప్యాకెట్‌కి పిండి, వాము, నువ్వులకు 20 రూపాయలు, నూనెకు 20, గ్యాస్‌కి 8, కవరు, లేబుల్‌కి 7, ఆటోకి 5, ఆమె సొంత కూలి 20. మొత్తం 80 రూపాయలు పడింది. దాని మీద పాతిక శాతం, అంటే 20 రూపాయలు వేసుకుని, ప్యాకెట్ మీద ధర 100 అని వేయించింది. ఇలా ఖర్చు మీద కలుపుకునేదాన్ని మార్కప్ అంటారు.

ఇంటి దగ్గర అమ్మినన్నాళ్లూ ఇబ్బంది లేదు. తర్వాత పట్నంలో ఒక షాపు ఆయన "నాకు 25 శాతం మార్జిన్ ఇస్తే పెట్టుకుంటా" అన్నాడు. నేను వేసుకున్నదీ పాతికే, ఆయన అడిగేదీ పాతికే, లాభం పోయినా నష్టం రాదులే, పేరు వస్తుంది అనుకుని ఆమె ఒప్పుకుంది. నిజానికి నష్టం వచ్చింది. షాపు ఆయన పాతిక శాతం 80 మీద కాదు, 100 మీద. ఆయన 25 ఉంచుకుని ఆమెకు 75 ఇస్తాడు. ప్యాకెట్‌కి 5 రూపాయలు ఎదురు పడింది. నెలకు 200 ప్యాకెట్లు వేస్తే వెయ్యి రూపాయలు.

మార్జిన్ అంటే అమ్మిన ధరలో నూటికి ఎంత మిగిలింది అని. మిగిలింది అదే 20 రూపాయలైనా, 80 మీద చూస్తే 25 శాతం, 100 మీద చూస్తే 20 శాతమే. షాపుల కమీషన్, డిస్కౌంట్, ఆన్‌లైన్ కోత, అన్నీ మామూలుగా అమ్మకం ధర మీదే ఉంటాయి. మనం మాత్రం ఖర్చు మీద లెక్కేసుకుంటాం. తేడా అక్కడే వస్తుంది. బ్యాంకుకిచ్చే ప్రాజెక్ట్ రిపోర్టులో గ్రాస్ మార్జిన్ అడిగినా అమ్మకం మీదే రాయాలి. 80 పడిన సరుకు 100కి అమ్మితే అక్కడ 20 అని రాయాలి, 25 కాదు.

ఈ నష్టం చాలామందికి వెంటనే కనిపించదు. ఎందుకంటే ఆమె జేబులోంచి నిజంగా పోయింది 60 రూపాయలే, మిగతా 20 తన కూలి. షాపు నుంచి 75 వస్తుంటే ప్యాకెట్‌కి 15 మిగులుతోంది అనిపిస్తుంది. అది లాభం కాదు, 20 రూపాయల కూలిలో 5 పోగా మిగిలింది. అదే పనికి రేపు మనిషిని పెట్టుకుంటే తెలిసిపోతుంది. అందుకే కూలి రాయకుండా ఖర్చు లెక్క కట్టొద్దని పదేపదే చెబుతుంటాం.

మరి సరైన ధర ఎంత? ధరను వంద భాగాలు అనుకోండి. షాపుకి 25 భాగాలు, మీకు లాభం 15 భాగాలు కావాలి. మిగిలినవి 60. ఆ 60 భాగాల్లో మీ 80 రూపాయల ఖర్చు ఇమడాలి. ఫోన్ క్యాలిక్యులేటర్‌లో ఇలా కొట్టండి:

```
80 × 100 ÷ 60 = 133.33
```

135 అని పెట్టుకోవచ్చు. సరిచూద్దాం. షాపుకి సుమారు 34 పోతే మీకు 101 వస్తుంది. ఖర్చు 80 తీసేస్తే 21 మిగులుతుంది. రుణం వడ్డీ, అద్దె లాంటివి ఇందులోంచే పోవాలి. పాడైన ప్యాకెట్లు షాపు తిప్పి పంపే పద్ధతి ఉంటే వాటికీ నాలుగు రూపాయలు ముందే ఖర్చులో కలపండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారు ధరలోంచి పన్ను తీసేసి, మిగిలినదాని మీదే తమ లాభం చూసుకోవాలి.

పక్కవాళ్లు అదే సరుకు 120కి అమ్ముతుంటే 135కి పోదు, నిజమే. అప్పుడు 120కి 25 శాతం ఇచ్చి కూర్చోకండి. 30 పోతే మీకొచ్చేది 90, మిగిలేది 10. కమీషన్ 15 శాతానికి బేరం కుదిరితే 22 మిగులుతుంది. సంఘం స్టాల్‌లో నేరుగా అమ్మితే 40, అయితే అక్కడ కూర్చున్న రోజు కూలి కూడా అందులోంచే రావాలి.

కొందరు షాపులవాళ్లు మీ బిల్లు ధర మీద శాతం వేసుకుంటారు, అప్పుడు లెక్క మారుతుంది. కాబట్టి ఎవరైనా శాతం చెప్పగానే తల ఊపకుండా "ప్యాకెట్ ధర మీదా, మా బిల్లు మీదా?" అని అడగండి. ఇంకా మంచిది, "ప్యాకెట్‌కి నా చేతికి ఎన్ని రూపాయలొస్తాయి?" అని అడిగి, ఆ అంకెను బిల్లు బుక్కులో అక్కడే రాయించుకోండి.