గుణిస్తే తిరిగే సంఖ్యలు

సంఖ్యారేఖ మీద 3 దగ్గర ఒక చుక్క పెట్టండి. 3ని −1తో గుణిస్తే −3 వస్తుంది. సున్నాకి కుడివైపున్న చుక్క అంతే దూరంలో ఎడమవైపుకి చేరింది. సున్నా దగ్గర మేకు కొట్టి, దారం కట్టి తిప్పినట్టు ఆ చుక్క అరచుట్టు, అంటే 180 డిగ్రీలు తిరిగిందనుకుందాం. మళ్లీ −1తో గుణిస్తే ఇంకో అరచుట్టు తిరిగి 3 దగ్గరికే వస్తుంది. మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ రావడమంటే బొమ్మలో ఇదే.

మరి ఆ అరచుట్టును రెండు సమాన విడతల్లో తిరగాలంటే ఏ సంఖ్యతో గుణించాలి? దానితో రెండుసార్లు గుణిస్తే −1తో గుణించినట్టు కావాలి. అంటే దాని వర్గం −1 కావాలి. అలాంటి సంఖ్య సంఖ్యారేఖ మీద దొరకదు, ఎందుకంటే పావు చుట్టు తిరిగేసరికి మనం రేఖను వదిలి పైకి వెళ్లిపోతాం. 1 దగ్గర బయల్దేరి గడియారం ముల్లుకి ఎదురుదిశలో 90 డిగ్రీలు తిరిగితే గ్రాఫు మీద (0, 1) అనే బిందువు వస్తుంది. ఆ బిందువుకే i అని పేరు. అక్కణ్ణుంచి 3 + i అంటే కుడికి మూడు, పైకి ఒకటి.

రుణసంఖ్యల వర్గమూలాలతో యూరప్‌లో 16వ శతాబ్దంలోనే లెక్కలు చేశారు గానీ, వాటికి ఈ బొమ్మ దొరకడానికి మరో రెండు వందల ఏళ్లకు పైనే పట్టింది. 1797లో కాస్పర్ వెస్సెల్ అనే సర్వేయరు డెన్మార్క్ రాయల్ అకాడమీకి ఒక పత్రం సమర్పించాడు. గీతకు పొడవుతో పాటు దిశ కూడా ఉంటుంది కదా, ఆ దిశను లెక్కలోకి ఎలా తేవాలన్నది ఆయన ప్రశ్న. డేనిష్ భాషలో అచ్చయిన ఆ పత్రాన్ని దాదాపు వందేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1806లో పారిస్‌లో ఆర్గాండ్ ఇదే ఆలోచనను విడిగా ప్రచురించాడు. అందుకే ఈ తలాన్ని ఆర్గాండ్ తలం అంటారు.

ఇప్పుడు గళ్ల కాగితం తీసుకుని 3 + iని iతో గుణిద్దాం. 3i + i² వస్తుంది. i² అంటే −1 కాబట్టి జవాబు −1 + 3i. (3, 1) దగ్గరున్న బిందువు (−1, 3)కి వెళ్లింది. రెండింటినీ మూలబిందువుతో కలిపి, మధ్య కోణం దగ్గర మూలమట్టం పెట్టి చూడండి, సరిగ్గా లంబకోణం. కుడికి మూడు, పైకి ఒకటి ఉన్న త్రిభుజమే పావు చుట్టు తిరిగి, పైకి మూడు, ఎడమకు ఒకటిగా నిలబడింది. పొడవు మారలేదు. ఏ బిందువునైనా iతో గుణిస్తే ఇంతే జరుగుతుంది.

ఇక అసలు గుణకారం. (2 + i)ని (3 + i)తో గుణించాలి. బ్రాకెట్ విప్పితే ఇది రెండు ముక్కలవుతుంది: 3 + iకి రెండింతలు, దానికి తోడు 3 + iకి i రెట్లు. మొదటి ముక్క 6 + 2i. అంటే 3 + i దిశలోనే రెండింతల దూరం నడిచాం. రెండో ముక్క −1 + 3i. అంటే అక్కడ ఎడమకు లంబంగా మలుపు తీసుకుని ఒక రెట్టు నడిచాం. కలిపితే 5 + 5i.

నడిచిన దారిని గీసి చూస్తే గుట్టు తెలుస్తుంది. 2 + iని చేరడానికి మనం ఏం చేస్తాం? అడ్డంగా రెండు, లంబంగా ఒకటి వెళ్తాం. ఇక్కడా చేసింది అదే. కాకపోతే అడ్డగీత స్థానంలో 3 + i వైపు వెళ్లే గీతను, ఒక యూనిట్ స్థానంలో ఆ గీత పొడవు √10ని వాడుకున్నాం. కాబట్టి 2 + i తాలూకు చిన్న త్రిభుజం, 5 + 5i దగ్గర ముగిసే పెద్ద త్రిభుజం సరూప త్రిభుజాలు. చిన్నదాన్ని √10 రెట్లు పెంచి, 3 + i ఎంత కోణంలో వాలి ఉందో అంత తిప్పితే పెద్దది వస్తుంది.

దీన్నుంచే నియమం పుడుతుంది: పొడవులు గుణించుకుంటాయి, కోణాలు కూడుకుంటాయి. పుస్తకాల్లో ఆ పొడవును మాపం అనీ, కోణాన్ని ఆయామం అనీ అంటారు. సరిచూద్దాం. మన సంఖ్యల మాపాలు √5, √10. వాటి లబ్ధం √50. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 5 + 5i పొడవూ √50యే. ఇక కోణాలు: ఒకటి సుమారు 26.6 డిగ్రీలు, రెండోది సుమారు 18.4 డిగ్రీలు. కూడితే 45. అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు వెళ్తే వచ్చే కోణం కూడా అదే.

ఈ నియమంతో ఒక పాత చిక్కుప్రశ్నను విప్పవచ్చు. ఒకే కొలత గల మూడు చతురస్రాలను పక్కపక్కనే గీయండి. ఎడమ చివర కింది మూల నుంచి ఒక్కో చతురస్రం కుడివైపు పై మూలకు ఒక్కో గీత గీయండి. ఆ మూడు గీతలూ కింది అంచుతో చేసే కోణాల మొత్తం ఎంత? కోణమానినితో కొలిస్తే 90కి దగ్గరగా వస్తుంది గానీ సరిగ్గా 90 అని నమ్మకం చిక్కదు. ఆ మూలలు 1 + i, 2 + i, 3 + i. కోణాలు కూడాలంటే సంఖ్యల్ని గుణిస్తే చాలు. చివరి రెండింటి లబ్ధం 5 + 5i అని తేలింది. దాన్ని 1 + iతో గుణిస్తే 5 + 5i + 5i − 5, అంటే 10i. ఇది నిటారుగా పైనున్న బిందువు. కోణాల మొత్తం సరిగ్గా 90 డిగ్రీలే.

పిల్లలు ఎక్కువగా పొరబడేది మూడు చోట్ల. బొమ్మను 45 డిగ్రీలు తిప్పడానికి 1 + iతో గుణిస్తే తిరగడమే కాదు, √2 రెట్లు పెరుగుతుంది కూడా. ఎనిమిదిసార్లు గుణిస్తే చుట్టు పూర్తవుతుంది గానీ బొమ్మ 16 రెట్లవుతుంది. పరిమాణం మారకుండా ఉండాలంటే ముందుగా 1 + iని √2తో భాగించాలి.

రెండోది, గుణకారం ఎప్పుడూ మూలబిందువు చుట్టూనే తిప్పుతుంది. 5 + 3iని 3 + 2i చుట్టూ పావు చుట్టు తిప్పాలంటే ముందు తీసివేయాలి: 2 + i. తర్వాత iతో గుణించాలి: −1 + 2i. మళ్లీ 3 + 2iని కలపాలి: 2 + 4i. ఈ తీసివేత, కూడిక మరిచిపోయి నేరుగా గుణిస్తే −3 + 5i వస్తుంది. బిందువు ఎక్కడికో వెళ్లిపోతుంది.

మూడోది కాలిక్యులేటర్ పెట్టే చిక్కు. −1 − iకి ఆయామం కోసం నిలువును అడ్డంతో భాగించి విలోమ టాన్ నొక్కితే 45 అంటుంది. రెండు మైనస్‌లూ భాగహారంలో కొట్టుకుపోయాయి మరి. ఆ బిందువు నిజానికి మూడో పాదంలో, 225 డిగ్రీల దగ్గర ఉంది. బిందువు ఏ పాదంలో ఉందో ముందే గుర్తుపెట్టుకుంటే ఈ తప్పు జరగదు.

ఇంకొక లెక్క మీకే వదిలేస్తున్నాను. 7 − i అడ్డగీతకు కింద ఉంటుంది కాబట్టి దానితో గుణిస్తే బొమ్మ గడియారం ముల్లు దిశలో కొంచెం వెనక్కి తిరుగుతుంది. 2 + iని దానితోనే గుణించి, వచ్చినదాన్ని 7 − iతో గుణించండి. చివరి బిందువును గళ్ల కాగితం మీద పెట్టి, ఎంత కోణం ముందుకెళ్లి ఎంత వెనక్కి వచ్చామో, మొత్తం ఎన్ని డిగ్రీల దగ్గర ఆగామో కోణమానిని తాకకుండానే చెప్పండి.