నామినీగా ఉంటే చాలదు, ఖాతాలోనే పేరుండాలి

‘మా ఆవిడ నామినీగా ఉంది కదా, ఇక ఇబ్బందేముంది?’ అనుకునే భర్తలు చాలామంది. నామినీకి ఆ డబ్బు అందేది ఖాతాదారు మరణించాక, క్లెయిమ్ పెట్టుకున్న తర్వాతే. భర్త ఐసీయూలో ఉన్నప్పుడు ఆసుపత్రి బిల్లు కట్టడానికి నామినీ సంతకం పనికిరాదు. జాయింట్ ఖాతాదారు సంతకం చెల్లుతుంది.

రిటైరైన ఒక ఉపాధ్యాయుడు తన పొదుపు ఖాతాలో భార్యను చేర్చాలనుకున్నారనుకుందాం. ఇద్దరూ కలిసి ఖాతా ఉన్న బ్రాంచికి వెళ్లడం మేలు. పాస్‌బుక్, భార్య ఆధార్, పాన్ (లేకపోతే దాని బదులు ఇచ్చే డిక్లరేషన్ ఫారం), ఫొటోలు తీసుకెళ్లాలి. ఖాతా నంబరు సాధారణంగా మారదు కాబట్టి పింఛను జమకు అడ్డంకి ఉండదు. బ్యాంకు ఫారంతోపాటు ఇలా ఒక ఉత్తరం ఇవ్వవచ్చు:

‘నా పేరిట ఉన్న ఫలానా నంబరు పొదుపు ఖాతాలో నా భార్యను రెండో ఖాతాదారుగా చేర్చగలరు. ఇకపై ఈ ఖాతాను ఈదర్ ఆర్ సర్వైవర్ పద్ధతిలో నడపడానికి మేమిద్దరం అంగీకరిస్తున్నాం. మాలో ఎవరు ఒక్కరు సంతకం చేసినా లావాదేవీ జరపండి. ఒకరు మరణిస్తే మిగిలిన సొమ్ము జీవించి ఉన్నవారికి చెల్లించండి.’ కింద ఇద్దరి సంతకాలు, తేదీ.

పొరపాటు జరిగేది ఎక్కువగా ఫారంలోని ‘మోడ్ ఆఫ్ ఆపరేషన్’ గడి దగ్గరే. అక్కడ ‘జాయింట్లీ’ అని టిక్ పడితే ప్రతి చెక్కుకూ ఇద్దరి సంతకాలు కావాలి. ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ అని పడితే మొదటి ఖాతాదారు బతికున్నంతకాలం రెండోవారు డబ్బు తీయలేరు. అందుకే పని పూర్తయ్యాక పాస్‌బుక్ మొదటి పేజీ చూడండి. రెండు పేర్లూ, వాటితోపాటు ‘ఈ ఆర్ ఎస్’ లేదా ‘ఈదర్ ఆర్ సర్వైవర్’ అని ఉండాలి. లేకపోతే అక్కడే అడిగి సరిచేయించండి. భార్యకు ఏటీఎం కార్డు కావాలంటే విడిగా దరఖాస్తు పెట్టాలి.

అప్పటిదాకా భార్యే నామినీ అయితే ఇప్పుడు ఆ పేరు మార్చాలి. జాయింట్ ఖాతాలో నామినీ హక్కు ఖాతాదారులిద్దరూ లేనప్పుడే వస్తుంది కాబట్టి, పిల్లల్లో ఒకరి పేరో మరొకరి పేరో రాయాలి. ఆ ఫారంపై ఇద్దరూ సంతకం చేయాలి.

భర్త మరణిస్తే, కోర్టు ఆపుదల ఉత్తర్వు లేనంతవరకు, మరణ ధ్రువీకరణ పత్రం చూపిన భార్యకు బ్యాంకు సొమ్ము చెల్లిస్తుంది. వారసత్వ ధ్రువీకరణ పత్రం అడగదు. అయితే డబ్బు ఆమె చేతికి వచ్చినంత మాత్రాన అదంతా ఆమె సొంతమైపోదు. చట్టపరమైన వారసుల వాటా హక్కు అలాగే ఉంటుంది. ఎవరికి ఎంత చెందాలో రాసిపెట్టాల్సింది వీలునామాలో.